కత్తెరకు లొంగని అంచులు: పొగ, వెంట్రుకలు, గాజును కొత్త నేపథ్యంపై నిలిపే లెక్క

ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ గాజు సామగ్రికి దేశమంతటా పేరుంది. అక్కడ తయారైన ఒక గాజు గ్లాసును ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకానికి పెట్టాలంటే ముందుగా దాని ఫొటో కావాలి. ఆ ఫొటోలో గ్లాసు వెనుక ఉన్న గోడను తొలగించి, దాని స్థానంలో తెల్లని నేపథ్యాన్నో, భోజనాల బల్లనో అమర్చడం ఈ వ్యాపారంలో నిత్యం జరిగే పని. స్టీలు గ్లాసైతే అంచు వెంబడి గీత గీసి కత్తిరిస్తే సరిపోతుంది. గాజు గ్లాసును అదే పద్ధతిలో కత్తిరిస్తే పాత గోడ రంగు గ్లాసు లోపలే మిగిలిపోతుంది. కొనేవారి కంటికి అది గాజుగా కాక, మసకబారిన ప్లాస్టిక్‌గా తోస్తుంది. గాజు ఎంత స్వచ్ఛంగా ఉందో, అడుగు ఎంత మందంగా ఉందో తెలుసుకోవడానికి ఆ ఫొటో ఉపయోగపడదు.

అగరుబత్తి పొగ, కుక్క ఒంటి మీది బొచ్చు, పెళ్లికూతురి మేలిముసుగు విషయంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. చేతి నైపుణ్యం ఎంత ఉన్నా ఇక్కడ కత్తెర పనిచేయకపోవడానికి కారణం ఉంది. వీటి అంచుల్లో కత్తిరించడానికి గీతే లేదు.

అంచులో ఉన్నది మిశ్రమం

డిజిటల్ ఫొటో చిన్న చిన్న చదరాలతో ఏర్పడుతుంది. వాటిని పిక్సెళ్లు అంటారు. ఒక్కో పిక్సెల్ ఒకే రంగును చూపగలదు. ఒక వెంట్రుక పిక్సెల్ వెడల్పులో సగమే ఉంటే, ఆ చదరంలో సగం వెంట్రుక రంగు, సగం వెనుక ఉన్న గోడ రంగు కలిసి ఒకే రంగుగా నమోదవుతాయి. పొగలోనూ, గాజులోనూ కారణం వేరైనా ఫలితం ఇదే. వస్తువు నుంచి వచ్చిన కాంతి కొంత, దాని గుండా వచ్చిన నేపథ్యపు కాంతి కొంత ఒకే పిక్సెల్‌లో చేరతాయి.

కాబట్టి ప్రతి పిక్సెల్‌లో వస్తువు పాలు ఎంత, నేపథ్యం పాలు ఎంత అన్నదే తేల్చవలసిన విషయం. వస్తువు పాలును 0 నుంచి 1 వరకు ఉండే సంఖ్యగా చెబుతారు. దానికి ఆల్ఫా అని పేరు. పూర్తిగా వస్తువే ఉంటే 1, పూర్తిగా నేపథ్యమే ఉంటే 0. ఫొటోలోని అన్ని పిక్సెళ్ల ఆల్ఫాను నలుపు తెలుపు చిత్రంగా చూపితే దాన్ని మ్యాట్ అంటారు. ఈ సంబంధాన్ని ఒక్క వరుసలో రాయవచ్చు:

```
C = α × F + (1 − α) × B
```

ఇక్కడ C అంటే ఫొటోలో కనిపించే రంగు. F వస్తువు అసలు రంగు, B నేపథ్యం రంగు, α ఆల్ఫా. α, F దొరికితే B స్థానంలో ఏ కొత్త నేపథ్యాన్నైనా పెట్టుకోవచ్చు.

చిక్కంతా ఆ రెండూ దొరకడంలోనే ఉంది. ఫొటో ఇచ్చేది C ఒక్కటే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుపాళ్లకు మూడు సమీకరణాలు వస్తాయి. నేపథ్యం రంగు ముందే తెలిసినా, వస్తువు రంగుకు మూడు, ఆల్ఫాకు ఒకటి కలిపి నాలుగు తెలియని సంఖ్యలు మిగులుతాయి. మూడు సమీకరణాలతో నాలుగు సంఖ్యలను కచ్చితంగా తేల్చలేం. ఎక్కడో ఒకచోట నుంచి అదనపు సమాచారం రావాలి. పొగ, వెంట్రుకలు, గాజులకు వేర్వేరు పద్ధతులు ఉండటానికి కారణం ఇదే. ఒక్కో పద్ధతి ఆ లోటును ఒక్కో విధంగా పూడుస్తుంది.

పొగ: నల్లని తెర ముందు

ఈ మూడింటిలో పొగ సులువైనది. దానికి దాదాపు ఒకే రంగు ఉంటుంది. పల్చనైనా, చిక్కనైనా అది బూడిద రంగే. వస్తువు రంగు ముందే తెలిసింది కాబట్టి, ఇక తేల్చవలసింది ఆల్ఫా ఒక్కటే.

పొగను నల్ల వెల్వెట్ గుడ్డ ముందు, పక్క నుంచి లేదా వెనుక పక్క నుంచి దీపం వేసి ఫొటో తీస్తారు. దీపపు కాంతి గుడ్డ మీద పడకూడదు. నేపథ్యం నలుపు, అంటే 0 కాబట్టి సమీకరణంలో రెండో భాగం మాయమవుతుంది. మిగిలిన రంగంతా పొగదే. ఆ పొరను కొత్త ఫొటో మీద ఉంచి, కలిపే విధానాన్ని `Screen`గా ఎంచుకోవడం చాలామంది అనుసరించే దారి. ఈ విధానంలో నలుపు కనిపించకుండా పోతుంది, తెల్లని భాగాలు మిగులుతాయి.

రాత్రి దృశ్యాలకు ఇది చక్కగా సరిపోతుంది. పగటి వెలుగులో మాత్రం మోసం చేస్తుంది. కాంతిని 0 నుంచి 255 వరకు కొలుస్తున్నామనుకుందాం. ఒక పిక్సెల్‌లో పొగ విలువ 60. పొగ చిక్కగా ఉన్నచోట, అంటే వెనుక ఏమీ కనిపించని చోట విలువ 180. అప్పుడు ఈ పిక్సెల్‌లో ఆల్ఫా 60లో 180వ వంతు, అంటే మూడింట ఒక వంతు. దీన్ని 30 విలువ గల చీకటి గోడ ముందు పెడితే `Screen` 83 ఇస్తుంది, సమీకరణం 80 ఇస్తుంది. తేడాను కన్ను పట్టుకోలేదు. అదే పొగను 200 విలువ గల ఆకాశం ముందు పెడితే `Screen` దాన్ని 213కు పెంచుతుంది. సమీకరణం ప్రకారం రావలసింది 193. అంటే నిజమైన పొగ ఆ ఆకాశాన్ని కొంత మసకబార్చాలి. `Screen` ఏనాడూ మసకబార్చలేదు, వెలిగించడమే దానికి తెలుసు. ఎండ పూట గుడి గోపురం మీదుగా లేచే సాంబ్రాణి పొగను ఇలా అతికిస్తే అది ఆకాశంలో కరిగిపోయినట్టు కనిపిస్తుంది.

అందుకు పరిష్కారం పొగ ఫొటోను నేరుగా పొరగా వాడకుండా మ్యాట్‌గా వాడటం. ఒకే బూడిద రంగుతో నింపిన పొరకు ఆ ఫొటోను మాస్క్‌గా తగిలిస్తారు. ఆ మాస్క్‌లో పొగ చిక్కగా ఉన్నచోటు పూర్తి తెలుపుగా ఉండేలా `Levels`లో సరిచేస్తారు. అప్పుడు పొగ చీకటి మీద లేతగా, వెలుగు మీద ముదురుగా, సహజంగా నిలుస్తుంది.

మరో పొరపాటు నల్లని తెరలో ఉంటుంది. గుడ్డ ఎంత నల్లనిదైనా ఫొటోలో దాని విలువ 0 కాక, 8 లేదా 10 వస్తుంది. కొత్త నేపథ్యంపై అది పొగ చుట్టూ దీర్ఘచతురస్రాకారపు లేత మరకగా బయటపడుతుంది. ఆ పదిని తీసివేయాలి. అయితే ఇరవై, ముప్పై తీసివేస్తే పొగ చివర్లలోని పల్చని పోగులు కూడా పోతాయి. తెగిపోయినట్టున్న పొగ చివరలు ఆ తప్పుకు గుర్తు.

వెంట్రుకలు: మిగిలిపోయే పచ్చదనం

బొచ్చులో ఆల్ఫా ఒక్కటే కాదు, రంగు కూడా పిక్సెల్‌కో తీరుగా మారుతుంది. అందువల్ల పొగకు పనికొచ్చిన ఉపాయం ఇక్కడ చెల్లదు. సినిమా రంగం దీనికి కనుగొన్న జవాబు, వస్తువులో లేని రంగును నేపథ్యంగా వాడటం. మనుషుల చర్మంలోనూ, జంతువుల బొచ్చులోనూ గాఢమైన ఆకుపచ్చ, నీలం అరుదు. డిజిటల్ కెమెరాల్లో ఆకుపచ్చ తెర ఎక్కువగా కనిపించడానికి ఇంకో కారణం ఉంది. సాధారణంగా వాటి సెన్సర్‌లోని ప్రతి నాలుగు గ్రాహకాల్లో రెండు ఆకుపచ్చ కాంతికే కేటాయించి ఉంటాయి.

ఒక గోధుమ రంగు కుక్కను ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టారనుకుందాం. బొచ్చు అసలు రంగు ఎరుపు 120, ఆకుపచ్చ 80, నీలం 40. తెర రంగు 40, 180, 60. చెవి అంచున ఒక పిక్సెల్‌లో బొచ్చు పాలు 0.4. ఫొటోలో ఆ పిక్సెల్ 72, 140, 52గా నమోదవుతుంది. మూడింటిలో ఆకుపచ్చే ఎక్కువ. కంటికి అది పచ్చని వెంట్రుక.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ పిక్సెల్‌లో పచ్చదనం ఎంత మిగులుగా ఉందో చూస్తుంది. ఆకుపచ్చ నుంచి, మిగతా రెండింటిలో పెద్దదాన్ని తీసివేస్తే తెరలో మిగులు 120, ఈ పిక్సెల్‌లో 68. అంటే తెర పాలు దాదాపు 0.57, బొచ్చు పాలు 0.43. అసలు విలువ 0.4కు ఇది బాగా దగ్గర. అమెరికా సినీ ఇంజినీరు పెట్రో వ్లాహోస్ ఫిల్ముల కాలంలో రూపొందించిన రంగు భేద పద్ధతికి మూలం ఈ ఆలోచనే. ఆయన బృందం అంతకంటే కచ్చితమైన మరో మార్గాన్ని కూడా వాడింది. 1964లో వచ్చిన ‘మేరీ పాపిన్స్’ చిత్రం కోసం తెరను సోడియం దీపాల పసుపు కాంతితో నింపారు. ఆ ఒక్క కాంతిని కెమెరాలోని పట్టకం వేరు చేసి రెండో ఫిల్ము మీదికి పంపేది. నటుల చిత్రం ఒక ఫిల్ము మీద, మ్యాట్ మరో ఫిల్ము మీద ఏకకాలంలో నమోదయ్యేవి.

ఆల్ఫా దొరికితే సగం పనే అయినట్టు. చాలా ఫొటోలు చెడిపోయేది ఆ తర్వాతి మెట్టు దగ్గరే. పచ్చదనం కలిసిన 72, 140, 52ను అలాగే ఉంచి, దానికి 0.4 ఆల్ఫా ఇచ్చి, 150, 190, 230 విలువ గల నీలాకాశం ముందు పెడితే 119, 170, 159 వస్తుంది. పచ్చదనం తగ్గినా పోలేదు. అదే, పిక్సెల్ నుంచి ముందుగా తెర వాటాను తీసివేసి ఆ తర్వాత ఆకాశం వాటాను కలిపితే 138, 146, 154 వస్తుంది. ఇది ఆకాశం ముందు నిలబడిన గోధుమ రంగు వెంట్రుక రంగు. ఫొటోషాప్‌లోని `Select and Mask`లో కనిపించే `Decontaminate Colors` ఉద్దేశం కూడా అంచుల్లోని పాత నేపథ్యపు రంగును పోగొట్టడమే.

తెర లేకుండా పెరట్లోనో, వీధిలోనో తీసిన ఫొటో అయితే అదనపు సమాచారాన్ని మనిషే ఇవ్వాలి. ఇది కచ్చితంగా కుక్క, ఇది కచ్చితంగా నేపథ్యం అని రెండు భాగాలను గుర్తించి, మధ్యలో సందేహానికి ఒక పట్టీని వదులుతారు. సాఫ్ట్‌వేర్ ఆ పట్టీకి ఇరువైపులా ఉన్న రంగులను చూసి లోపలి ఆల్ఫాను అంచనా వేస్తుంది. పట్టీ మరీ సన్నగా ఉంటే పొడుగాటి వెంట్రుకలు మొదట్లోనే తెగిపోతాయి. మరీ వెడల్పుగా ఉంటే శరీరం లోపల చిల్లులు పడతాయి. చివరి వెంట్రుక కొనను దాటి కొద్దిగా బయటకు, బొచ్చు చిక్కబడే చోటు వరకు లోపలికి పట్టీని గీయడం సరైన కొలత. వెనుక ఉన్న మట్టి గోడ రంగు, బొచ్చు రంగు ఒకటే అయితే ఏ అంచనా నిలవదు. అక్కడ వెంట్రుకలను బ్రష్‌తో గీసుకోవలసిందే.

గాజు: రెండు నేపథ్యాలు, నాలుగు ఫొటోలు

మళ్లీ ఫిరోజాబాద్ గ్లాసు దగ్గరకు వస్తే, గాజుకు తనదంటూ రంగు తక్కువ. ఆకుపచ్చ తెర ముందు పెడితే గ్లాసంతా ఆకుపచ్చగానే కనిపిస్తుంది. అయితే దానికి ఒక అనుకూలత ఉంది. అది కదలదు. కదలని వస్తువును రెండు వేర్వేరు నేపథ్యాల ముందు రెండుసార్లు ఫొటో తీయవచ్చు. అప్పుడు సమీకరణాలు మూడు కాదు, ఆరు. తెలియని సంఖ్యలు నాలుగే. ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ 1996లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ఈ పద్ధతిని నిరూపించారు. ఇందులో అంచనాకు చోటు లేదు. జవాబు లెక్క ద్వారానే వస్తుంది.

ఇందుకు కెమెరాను స్టాండుకు బిగించాలి. ఫోకస్, వెలుతురు, రంగు సర్దుబాట్లన్నీ ఆటోమేటిక్ నుంచి తీసి చేత్తో స్థిరపరచాలి. గ్లాసును నల్ల గుడ్డ ముందు ఒకసారి, తెల్ల గుడ్డ ముందు ఒకసారి ఫొటో తీయాలి. తర్వాత గ్లాసును తీసేసి, రెండు గుడ్డలను మాత్రమే మళ్లీ ఫొటో తీయాలి. మొత్తం నాలుగు ఫొటోలు.

గ్లాసు గోడ మీద ఒక పిక్సెల్ తీసుకుందాం. ఖాళీ గుడ్డల విలువలు తెలుపుకు 240, నలుపుకు 10. తేడా 230. గ్లాసు అడ్డున్నప్పుడు అదే చోట తెలుపు ముందు 200, నలుపు ముందు 62 వచ్చాయి. తేడా 138. గుడ్డలు మారినప్పుడు 230 మారవలసింది 138 మాత్రమే మారిందంటే, నేపథ్యపు కాంతిలో 0.6 వంతు గాజు గుండా వస్తోందని అర్థం. కాబట్టి ఆల్ఫా 0.4. నల్ల ఫొటోలోని 62 నుంచి గుడ్డ వాటా 6 తీసివేస్తే 56 మిగులుతుంది. అది గాజు మీద పడి మెరిసే కాంతి. ఈ గ్లాసును 100 విలువ గల చెక్క బల్ల ముందు పెడితే 56కు 60 కలిపి 116 రావాలి. ప్రతి పిక్సెల్‌కూ ఇదే లెక్క.

ఈ పద్ధతి చెడిపోయేది గుడ్డల వల్లే. తెల్ల గుడ్డ కాంతిని వెదజల్లి గ్లాసు పక్క అంచులను వెలిగిస్తుంది, నల్ల గుడ్డ వెలిగించదు. అంటే రెండు ఫొటోల మధ్య నేపథ్యంతోపాటు వస్తువు వెలుగు కూడా మారిపోయింది. గ్లాసు అంచు గాజు కంటే ఎక్కువ పారదర్శకంగా వచ్చినా, ఆల్ఫా 0 కంటే తక్కువ వచ్చినా కారణం ఇదేనని గుర్తించాలి. గుడ్డను గ్లాసు వెనుక వీలైనంత దూరంగా, ఫొటో చట్రానికి సరిపడేంత మాత్రమే ఉంచి, గ్లాసుకు వేరుగా దీపాలు పెడితే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది.

రంగు గాజుకు ఇంకో జాగ్రత్త అవసరం. ఎర్రని గాజు గాజులు ఎరుపు కాంతిని చాలావరకు పోనిచ్చి, ఆకుపచ్చ, నీలాలను ఆపేస్తాయి. కాబట్టి లెక్కను మూడు రంగులకు విడివిడిగా చేయాలి. పీఎన్‌జీ ఫైలులో పిక్సెల్‌కు ఒకే ఆల్ఫా ఉంటుంది కాబట్టి ఆ మూడు జవాబులు అందులో ఇమడవు. అందుకే గాజును రెండు పొరలుగా భద్రపరుస్తారు. గాజు గుండా ఎంత కాంతి వస్తుందో చూపే పొరను `Multiply` విధానంలో, మెరుపులను చూపే పొరను దాని పైన `Linear Dodge (Add)` విధానంలో ఉంచుతారు. ఎరుపు నేపథ్యాన్ని కూడా ఎర్రగానే చూపుతుంది, మెరుపు తెల్లగానే నిలుస్తుంది.

కాంతి వంగినప్పుడు

ఇంత చేసినా ఆల్ఫా చెప్పలేని విషయం ఒకటి ఉంది. నేపథ్యపు కాంతి ఎంత వచ్చిందో అది చెబుతుంది కానీ, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. పల్చని ఖాళీ గ్లాసు నడిమి భాగంలో కాంతి దాదాపు సూటిగానే వస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. గ్లాసులో నీళ్లు పోస్తే అది కటకంగా మారి, వెనుక దూరంగా ఉన్న దృశ్యాన్ని కుడి ఎడమలుగా తిప్పి చూపుతుంది. మందమైన అడుగు కూడా కాంతిని వంచుతుంది. గుడ్డ అంతటా ఒకే రంగు కాబట్టి ఈ వంపు నాలుగు ఫొటోల్లోనూ కనిపించదు. కొత్త నేపథ్యంలో కిటికీ ఊచలు ఉంటే, నీళ్ల గ్లాసు గుండా అవి చెక్కుచెదరకుండా కనిపించినప్పుడు లోపం బయటపడుతుంది.

1999లో వెలువడిన మరో పరిశోధన, వస్తువు వెనుక వరుసగా గీతల నమూనాలను మార్చుతూ ఫొటోలు తీసి, ప్రతి పిక్సెల్ నేపథ్యంలోని ఏ ప్రాంతాన్ని చూస్తోందో తేల్చే మార్గం చూపింది. రోజువారీ పనిలో అంత అవసరం ఉండదు. నీళ్లున్న భాగంలో కొత్త నేపథ్యాన్ని కుడి ఎడమలు తిప్పి, కొద్దిగా కుదించి, మసకచేసి పెడితే కన్ను ఒప్పుకుంటుంది.

లెక్క తప్పించే సంఖ్యలు

పై ఉదాహరణలన్నిటిలో సంఖ్యలు కాంతి పరిమాణానికి అనులోమంగా ఉన్నాయని అనుకున్నాం. మామూలు జేపీజీ ఫొటోలో అవి అలా ఉండవు. కంటి గ్రహణశక్తికి తగినట్టు సంఖ్యలను ముందే సర్దుతారు. పూర్తి కాంతికి 255 అయితే సగం కాంతికి 128 కాదు, సుమారు 188 నమోదవుతుంది. ఆ సంఖ్యలతో నేరుగా మిశ్రమం చేస్తే అంచుల్లో ఉండవలసిన దానికంటే ముదురు గీత వస్తుంది. లేత జుట్టు చుట్టూ కనిపించే సన్నని మసి గీతకు ఇది తరచు కారణమవుతుంది. ఫొటోషాప్‌లో `Color Settings`లోని `Blend RGB Colors Using Gamma`ను `1.00`గా ఉంచితే మిశ్రమం కాంతి లెక్కలో జరుగుతుంది. రెండు నేపథ్యాల పద్ధతికి కెమెరా రా ఫైళ్లను వాడటం మేలు.

పని పూర్తయిందని అనుకున్నాక ఒక పరీక్ష మిగులుతుంది. కత్తిరించిన వస్తువును వరుసగా పూర్తి నలుపు, పూర్తి తెలుపు, ఒక గాఢమైన రంగు ముందు ఉంచి చూడాలి. నలుపు ముందు లేత అంచు కనిపిస్తే పాత వెలుతురు నేపథ్యం ఇంకా మిగిలి ఉంది. తెలుపు ముందు ముదురు అంచు కనిపిస్తే పాత చీకటి మిగిలి ఉంది. గాఢ రంగు ముందు గ్లాసు లోపల ఆ రంగు కనిపించకపోతే ఆల్ఫా తప్పు. మూడింటి ముందూ గ్లాసు గాజుగానే నిలిస్తే, దాన్ని కొనేవారు తాము చూస్తున్న స్వచ్ఛతను, మందాన్ని నమ్మవచ్చు.